బేస్‌మట్టం ఎత్తుగా కట్టినా పునాదిలోకి నీళ్లెందుకు?

"రోడ్డు కంటే రెండడుగులు లేపినాం సార్, ఇంక నీళ్లెట్లొస్తాయి?" కర్నూలులో ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకే. ఇల్లు లేచింది, మరి ఇంటి చుట్టూ ఉన్న స్థలం?

పళ్లెం మధ్యలో సంగటి ముద్ద పెట్టి పులుసు పోయండి. ముద్ద ఎంత ఎత్తున్నా పులుసు చుట్టూ నిలిచి అడుగునే నానబెడుతుంది. ఆ పళ్లెం మీ స్థలం, దాని అంచు రోడ్డు. ఇక్కడి నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పడి, ఎండాకాలంలో వెడల్పయి, వానల్లో మూసుకుంటుంటే అనుమానించాల్సింది నేలనే.

అందుకే లెక్క రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంటి వెనక మూలకు వెళ్లాలి. స్థలం రోడ్డుకు అడుగు పల్లంలో ఉన్నా, ఎత్తులన్నీ రోడ్డు నుంచే కొలుస్తాం. రోడ్డు మధ్య భాగం సున్నా. రేపు దాని మీద ఇంకో సిమెంటు రోడ్డు పడుతుంది, దానికి 6 అంగుళాలు వదలండి. గేటు లోపలి నేల దానికి ఓ అంగుళం పైన, అంటే 7 అంగుళాలు. అక్కడి నుంచి ఇంటి ముందు దాకా 10 అడుగులు, దానికి 2 అంగుళాల వాటం. పక్క సందు 40 అడుగులు, దానికి ఇంకో 5. గోడ చుట్టూ వేసే 3 అడుగుల కాంక్రీటు చప్టా, అదే ఆప్రాన్, దానికి బయటివైపు ఒకటిన్నర. మొత్తం పదిహేనున్నర.

అంటే వెనక గోడ దగ్గర నేలే రోడ్డు కంటే అంత ఎత్తుండాలి, అప్పుడే అక్కడి నీళ్లు గేటు దాకా వస్తాయి. ఇంటి ఫ్లోరు దానికి అడుగున్నర పైన ఉండాలి. కలిపితే సుమారు 34 అంగుళాలు. మన రెండడుగులు ఎక్కడ, ఇది ఎక్కడ! చాలామంది మేస్త్రీలు ముందువైపు కొలిచి వదిలేస్తారు, పళ్లెం వెనక సగం అలాగే గుంటగా మిగులుతుంది. నీళ్ల ట్యూబుతో నాలుగు మూలలా గుర్తులు పెట్టించాకే పని మొదలుపెట్టించండి.

ఇంటి లోపలా చుట్టూరా నింపడానికి, పునాది తవ్వినప్పుడు వచ్చిన రేగడి వద్దే వద్దు, ఎంత చవకైనా సరే. గరుసు తోలించి, 6 నుంచి 8 అంగుళాల పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి పోస్తే తర్వాత కుంగి, వాటం ఇంటివైపుకే తిరుగుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. గరుసు మీద ఆప్రాన్‌కు 4 అంగుళాల కాంక్రీటు. దాన్ని గోడకు అతికించొద్దు, అర అంగుళం సందు వదిలి తారు నింపండి, లేదంటే నేల కదిలినప్పుడు గోడ పక్కనే చీలుతుంది. మేడ మీది పైపు నీళ్లు గోడ మొదట్లో పడకుండా ఆప్రాన్ దాటించండి. అంతా అయ్యాక వెనక మూలలో ఓ బిందె నీళ్లు కుమ్మరించి చూడండి. గేటు దాకా రాకుండా మధ్యలో మడుగు కడితే, బండలు పరచకముందే అక్కడ సరిచేయించండి.