ఎత్తిన కాలు: పిల్లలకు మేఘకుమారుడి కథ చెప్పడం

అందరికీ నమస్కారం. ఈ కథ జైనుల్లో శ్వేతాంబర శాఖవారి ఆగమగ్రంథమైన జ్ఞాతాధర్మకథలో మొదటి అధ్యయనంలో ఉంది. పిల్లలకు ఇలా చెప్పవచ్చు.

అడవిలో మేరుప్రభుడనే ఏనుగు ఉండేది. ఒకసారి కార్చిచ్చు చూడగానే దానికి పూర్వజన్మలో తాను పడ్డ మంటల భయం గుర్తుకొచ్చింది. అప్పటినుంచి వానాకాలం మొదట్లో, నడుమ, చివర్లో తన మందతో కలిసి ఒక యోజనం మేర గడ్డి, తీగలు, పొదలు పీకి నేల శుభ్రం చేసేది. మళ్లీ కార్చిచ్చు లేచినప్పుడు పులులు, లేళ్లు, నక్కలు, కుందేళ్లు అన్నీ ఆ ఖాళీ నేలకే పరుగెత్తి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి.

ఏనుగుకు ఒళ్లు దురద పెట్టి, గోక్కోవడానికి కాలెత్తింది. ఆ కాలి కింది జాగాలోకి ఓ కుందేలు దూరింది. కాలు దించబోతూ ఏనుగు కిందికి చూసింది. చూసింది కనుక దించలేదు. రెండున్నర రోజులు, మంట ఆరేదాకా, మూడు కాళ్ల మీదే నిలబడింది. జంతువులన్నీ వెళ్లిపోయాక కాలు దించబోతే అది కొయ్యబారిపోయి ఉంది. ఏనుగు కూలిపోయి, మూడు రోజులకు ప్రాణం విడిచింది. తర్వాతి జన్మలో రాజగృహ నగరంలో శ్రేణిక మహారాజుకి, రాణి ధారిణికి మేఘకుమారుడై పుట్టింది.

చాలామంది దురద సంగతి వదిలేసి, కుందేలును కాపాడాలనే ఏనుగు కాలెత్తిందని చెబుతారు. అక్కడే కథ చెడుతుంది. కాలెత్తడం తన అవసరానికే. దయ మొదలైంది దించేముందు చూసిన చూపులో. జైనులు దీన్ని యతన అంటారు, అంటే జాగ్రత్తగా మెలగడం. సాధువులు ముందున్న నాలుగు మూరల నేల చూసుకుంటూ అడుగేయడం, ఈర్యాసమితి, ఇదే. కుందేలు చేత కృతజ్ఞతలు చెప్పించేవారూ ఉన్నారు. నన్నడిగితే అదీ అనవసరం. మూలకథలో కుందేలు ఊరికే వెళ్లిపోతుంది.

చిన్నపిల్లలైతే ఏనుగు చావు దగ్గర బెంగపడతారు. వెంటనే మేఘకుమారుడి పుట్టుక చెప్పేయండి, ఆగవద్దు. పదేళ్లు దాటినవారికి మాత్రం అసలు సందర్భం కూడా చెప్పాలి.

మేఘకుమారుడు దీక్ష తీసుకున్న మొదటి రాత్రి, అందరికంటే కొత్తవాడు కనుక పడక గుమ్మం దగ్గర పడింది. రాత్రంతా సాధువులు వస్తూ పోతూ ఉంటే కాళ్లు తగిలాయి, దుమ్ము మీద పడింది, నిద్ర లేదు. తెల్లారగానే ఇంటికి పోదామనుకుని మహావీరుడి దగ్గరకు వెళ్లాడు. మహావీరుడు మందలించకుండా, ఆ ఏనుగు నువ్వేనంటూ ఈ కథ చెప్పాడు. కుందేలు కోసం అంత బాధ ఓర్చినవాడు సాధువుల కాళ్లు తగిలితే ఓర్చలేడా అన్నదే అందులోని ప్రశ్న.

మేఘుడు అప్పుడు ఒక మాటిచ్చాడు: రెండు కళ్లు తప్ప, నా ఒళ్లంతా సాధువుల సేవకే. ఆ కళ్లెందుకు మినహాయించుకున్నాడని పిల్లలను అడగండి. నడిచేటప్పుడు నేల చూసుకోవడానికని వాళ్లే చెబుతారు.