తేడా ఎంతో చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే మారతహళ్ళి ట్రాఫిక్ దాటుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయానికి వచ్చేస్తాను. ఇక్కడ సగం మంది క్రెడిట్ టీముల్లో ఉన్నారు, మిగతావాళ్ళు ఆడిట్‌లో. వార్షిక నివేదిక స్కాన్ బొమ్మగా వస్తే ఎంత చికాకో మీకు నేను చెప్పక్కర్లేదు. లిస్టెడ్ కంపెనీలవి చాలావరకు టెక్స్ట్ ఉన్న పీడీఎఫ్‌లే. ప్రైవేటు కంపెనీలవి మాత్రం సంతకాలు పెట్టి, స్టాంపు వేసి, స్కాన్ చేసిన కాగితాలే ఎక్కువ. కొన్నిసార్లు అప్పుల నోట్ మొత్తం మీద ఆడిటర్ గుండ్రటి సీలు ఉంటుంది.

బొమ్మను అక్షరాలుగా మార్చడం మీద ఎక్కువసేపు ఆగను. నేను వాడేవి ఈ రెండే:

```
pdftoppm -r 300 -f 142 -l 142 -gray -png report.pdf pg
tesseract pg-142.png out -l eng --psm 6 -c preserve_interword_spaces=1
```

300 డీపీఐ కంటే తగ్గించకండి. `--psm 6` పెడితే పేజీని ఒకే దిమ్మెగా తీసుకుంటుంది కాబట్టి పట్టికలో వరస చెదరడం తగ్గుతుంది. అంతే. ఎంత మంచి ఓసీఆర్ అయినా అంకె తప్పు చదవొచ్చు. ఆ తప్పును మనం ఎలా పట్టుకుంటామన్నదే అసలు పని.

ఒక కంపెనీ ఉందనుకుందాం. అంకెలు నేను కల్పించినవే, అన్నీ కోట్లలో. దీర్ఘకాలిక అప్పుల నోట్‌లో బ్యాంకు టర్మ్ లోన్లు 412.60, డిబెంచర్లు 150.00, అన్‌సెక్యూర్డ్ లోన్ 36.40. మొత్తం 599.00. దాని కింద ఏడాదిలోగా కట్టాల్సిన వాయిదాలు, అంటే కరెంట్ మెచ్యూరిటీలు, 87.25 తీసేశారు. మిగిలింది 511.75. బ్యాలెన్స్ షీట్‌లో నాన్ కరెంట్ బారోయింగ్స్ దగ్గర కూడా ఇదే ఉండాలి.

ఓసీఆర్ ఇచ్చిన టెక్స్ట్‌లో కూడి, తీసి చూస్తే 411.75 వచ్చింది. తేడా సరిగ్గా 100.00. ఇక్కడే ఆగండి. పేజీ మొత్తం మళ్ళీ చదవకండి, తేడాను చూడండి. ఒకే స్థానంలో ఒక్క అంకె మారితే తేడా ఇలాగే గుండ్రంగా ఉంటుంది. 412.60ని 472.60గా చదివితే 60.00 వచ్చేది. వందల స్థానంలో ఒకటి ఎక్కువై కూర్చున్నది ఎక్కడా అని వెతికితే, తీసివేత వరసలో బ్రాకెట్‌తో ఉన్న 87.25 కనిపించింది. తెరిచిన బ్రాకెట్‌ని 1 అనుకుని 187.25 అని చదివింది. రూపాయి గుర్తుతోనూ ఇదే గొడవ, అది ఒక్కోసారి 2గానో 7గానో మారి సంఖ్య ముందు అతుక్కుంటుంది.

అలాగే తేడా నోట్‌లోని ఒక సంఖ్యకు సరిగ్గా సమానమైతే ఆ వరస జారిపోయినట్టు. దానికి రెట్టింపైతే తీసేయాల్సింది కలిపేసినట్టు. బ్రాకెట్ పూర్తిగా మాయమైతే 511.75కి బదులు 686.25 వస్తుంది, తేడా 174.50. సగం చేయండి, 87.25. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగం పోతే రెండంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడండి. ఇది ఓసీఆర్ చేసే తప్పు కాదు, చేత్తో టైప్ చేసేటప్పుడు మనం చేసేది. 0.01, 0.02 తేడా వస్తే అది సాధారణంగా రౌండింగ్, దాన్ని వదిలేయండి. కానీ తేడాను ‘ఇతరములు’ అని ఒక వరస వేసి పూడ్చకండి. నా టీములో ఎవరైనా అలా చేస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది.

ఇక స్వల్పకాలిక అప్పుల నోట్. వర్కింగ్ క్యాపిటల్ లోన్లు 143.80, కరెంట్ మెచ్యూరిటీలు 87.25, మొత్తం 231.05. బ్యాలెన్స్ షీట్‌తో సరిపోయింది. మరి కంపెనీ మొత్తం అప్పు ఎంత?

మొదటి ఉద్యోగంలో నేను ఇక్కడే పడ్డాను. మొదటి నోట్‌లో ముద్దగా కనిపించిన 599.00 లాంటి అంకెనీ, రెండో నోట్ మొత్తాన్నీ కలిపేశాను. ఈ లెక్కలో అయితే 830.05. రెండు నోట్లూ వేటికవే సరిపోయాయి కాబట్టి నాకు అనుమానమే రాలేదు. సాయంత్రం మేనేజర్ ఫోన్ చేసి, ‘ఏమయ్యా, ఈ కంపెనీ రాత్రికి రాత్రి అప్పు పెంచుకుందా?’ అన్నారు. చూస్తే వాయిదాలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. సరైన మొత్తం 511.75, 231.05 కలిపితే వచ్చే 742.80. దీన్ని ఇంకో దారిలో సరిచూడొచ్చు: 599.00కి 143.80 కలపండి, అదే వస్తుంది.

ఈ కరెంట్ మెచ్యూరిటీల చోటు కూడా మారింది. కంపెనీల చట్టం షెడ్యూల్ 3కి 2021 మార్చిలో సవరణ చేసి, వాటిని స్వల్పకాలిక అప్పుల్లో విడిగా చూపాలన్నారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. అంతకుముందు ఇండ్ ఏఎస్ కంపెనీలు వాటిని ఇతర కరెంట్ ఆర్థిక బాధ్యతల్లో చూపేవి. కాబట్టి 2020-21 నివేదిక తీసుకుని స్వల్పకాలిక అప్పుల వరస ఒక్కటే లాగితే అప్పు తక్కువగా కనిపిస్తుంది. మరుసటి ఏడు నివేదికలో పాత సంవత్సరం కాలమ్‌ని తిరగ సర్ది ఉంటారు, రెండూ కలవవు. అది ఓసీఆర్ తప్పనుకుని ఒక పూట పోగొట్టుకోకండి. లీజు బాధ్యతలు కూడా విడి వరస, వాటిని అప్పుల నోట్‌లో వెతకొద్దు.

క్యాష్ ఫ్లో కింద ఇండ్ ఏఎస్ 7 అడిగే చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. ఏడాది మొదట్లో అప్పు 701.40, కొత్తగా తీసుకున్నది 180.00, తీర్చినది 141.10, నగదు కదలకుండా మారినది 2.50. చివరికి 742.80. దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. రెండు సంవత్సరాల కాలమ్‌లు తారుమారైనా నోట్ లోపలి కూడికలు చక్కగా సరిపోతాయి. ఈ పట్టిక మాత్రం మొదలేదో చివరేదో చెప్పేస్తుంది. కొందరు ఇందులో వడ్డీ బకాయిని కూడా కలుపుతారు, కింద ఫుట్‌నోట్ చదవండి.

సెగ్మెంట్ నోట్‌కి వద్దాం. మూడు సెగ్మెంట్లు: 1,284.50, 638.20, 211.90. మొత్తం 2,134.60. అందులోంచి ఒక సెగ్మెంట్ ఇంకో సెగ్మెంట్‌కి అమ్మినది 96.35 తీసేస్తే 2,038.25. లాభనష్టాల పట్టికలో దీన్ని కార్యకలాపాల ఆదాయంతో పోల్చాలి, మొత్తం ఆదాయంతో కాదు. ఇతర ఆదాయం 41.60 కలిపిన 2,079.85 పక్కన పెట్టి ‘సరిపోవట్లేదు’ అని టెన్షన్ పడేవాళ్ళను చాలామందిని చూశాను.

దీనికంటే పెద్ద ఉచ్చు వేరే ఉంది. ఒకే నివేదికలో స్టాండలోన్, కన్సాలిడేటెడ్ రెండూ ఉంటే సెగ్మెంట్ వివరాలు కన్సాలిడేటెడ్‌లో ఇస్తే చాలని ఇండ్ ఏఎస్ 108 చెబుతుంది. ముందు దొరికింది కదా అని స్టాండలోన్ పేజీ తీసుకుని దానితో కలపబోతే ఎప్పటికీ కలవదు. తేడా పైన చెప్పిన ఏ కొలతకీ రాదు, పిచ్చి అంకెలా కనిపిస్తుంది. అలాంటప్పుడు అంకెలు వదిలేసి పేజీ తల మీద ఏముందో చూడండి. కోట్లా, లక్షలా, మిలియన్లా అన్నది కూడా అక్కడే ఉంటుంది. స్కాన్‌లో ఆ పైఅంచే తరచూ తెగిపోతుంది కాబట్టి ముందు పేజీ కూడా లాగండి.

మీ ముందున్న కాగితం మీద ఇదే సెగ్మెంట్ నోట్ ఉంది, చేత్తో టైప్ చేసినది. నేను కావాలనే ఒక తప్పు పెట్టాను. కూడితే ఆదాయం 1,768.25 వస్తుంది, లాభనష్టాల పట్టికలో 2,038.25 ఉంది. తేడా 270.00. ఏ వరసో కనిపెట్టండి, ఆ తర్వాత కాఫీ.