పాట ముగిసేది ఎవరి గడియారం ప్రకారం?
(కడపలో చేనేత అమ్మకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, మాధవరం నుంచి, పుల్లంపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు, ఆన్‌లైన్ అమ్మకాలు చూసుకునే పిల్లలకు పేరుపేరునా చెప్పాలని ఉంది. కానీ నాకిచ్చింది అరగంట. అందుకే పేర్లు వదిలేస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

‘ఆన్‌లైన్ అమ్మకాల్లో మెళకువలు’ అని నా పేరు పక్కన వేశారు. ఫోటోలు ఎట్లా తీయాలి, ప్యాకింగ్ ఎట్లా చేయాలి అనేవి నాకంటే బాగా చెప్పేవాళ్లు మధ్యాహ్నం వస్తున్నారు. నేను ఒక్క విషయమే మాట్లాడతా. వేలం పాటకు ముగింపు టైమ్ ఎట్లా రాయాలి? ఇంత చిన్న దానికి ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఎందుకో చెబుతా.

మా వీధిలో ఒక నేతపని పెద్దాయన ఉండేవాడు. మేమంతా మామా అని పిలిచేవాళ్లం. ఆయన పోయాక మగ్గం మీది నుంచి దిగిన ఆఖరి పట్టుచీర ఇంట్లో మిగిలింది. ఆసుపత్రి అప్పు తీర్చడానికి అత్త దాన్ని ఒక ఆన్‌లైన్ వేలానికి ఇచ్చింది. మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఆ మగ్గం పక్కనే కూర్చుని కండెలు చుట్టినవాడు. ఆ చీర తనే తీసుకుంటానని పట్టుబట్టాడు. ఇరవై వేల దాకా పాడతానన్నాడు. పేజీలో ‘రాత్రి 9 గంటలకు ముగింపు’ అని ఉంది, దాని కింద గడియారం తిరుగుతోంది. డ్యూటీ దిగి, అక్కడి టైమ్ సాయంత్రం ఏడుకు ఫోన్ తీశాడు. ఇంకా రెండు గంటలు మిగిలి ఉన్నట్టు గడియారం చూపిస్తోంది. తాపీగా పదిహేను వేలు కొట్టి బటన్ నొక్కాడు. ‘వేలం ముగిసింది’ అని వచ్చింది.

నాకు ఫోన్ చేశాడు. “అన్నా, టైమ్ ఇంకా రెండు గంటలుండాదే, ముగిసిందంటాదేంది?” అన్నాడు. అప్పటికి మన దగ్గర తొమ్మిదిన్నర. పాట తొమ్మిదికే అయిపోయింది, చీర పద్నాలుగు వేలకు వెళ్లిపోయింది. నిర్వాహకులను అడిగితే “మేం తొమ్మిది అని స్పష్టంగానే రాశాం కదా సార్” అన్నారు. స్పష్టంగా రాశారట! ఎక్కడి తొమ్మిది? తమ్ముడికి చీర పోయింది, సరే. అత్తకు పోయిన డబ్బు సంగతేంది? ఎక్కువ ఇస్తానని నిలబడిన మనిషి పాడలేకపోతే నష్టం అమ్మేవాళ్లకే కదా. ఆ అప్పు ఇంకో ఏడాది సాగింది. నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పోదు కూడా.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి తొమ్మిదైతే వాళ్లకు సాయంత్రం ఆరున్నర. పాట మూసింది సర్వర్, అంటే వేలం నడిపేవాళ్ల కంప్యూటర్. అది మన తొమ్మిదికే మూసింది, అందులో తప్పు లేదు. తప్పంతా పేజీలో తిరిగే ఆ గడియారంలో ఉంది. అది తమ్ముడి ఫోన్‌లో నడుస్తుంది. దానికి ‘21:00’ అని మాత్రమే చెప్పి, ఏ ఊరి 21:00 అనేది చెప్పలేదు. ఫోన్ ఏం చేస్తుంది? తానున్న చోటి 21:00 అనుకుంది. కువైట్ తొమ్మిదంటే మనకు రాత్రి పదకొండున్నర. పాట అయిపోయాక కూడా రెండున్నర గంటలు ఆ గడియారం అట్లా తిరుగుతూనే ఉంది.

పేజీలు తయారుచేసే పిల్లలు ముందు వరుసలోనే ఉన్నారు. నవంబర్ 7 రాత్రి ఎనిమిదిన్నరకు ముగిసే పాట ఉందనుకోండి, మీకోసం రెండు లైన్లు ఈ తెర మీద వేస్తున్నా.

```
new Date("2026-11-07T20:30:00")
new Date("2026-11-07T20:30:00+05:30")
```

మొదటి లైను ఏ దేశంలో తెరిస్తే ఆ దేశపు ఎనిమిదిన్నర అవుతుంది. రెండోది ఎక్కడ తెరిచినా మన ఎనిమిదిన్నరే. చివరి +05:30 ఒక్కటే తేడా. అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే UTC కంటే మనం ఐదున్నర గంటలు ముందున్నామని అర్థం. ఆ ఆరు అక్షరాలు లేకనే మా అత్తకు కనీసం వెయ్యి, పాట పెరిగి ఉంటే ఆరు వేల దాకా పోయాయి.

ఈ తప్పు ఎందుకు బయటపడదో తెలుసా? పేజీ చేసినాయన కడపలో కూర్చుని చేస్తాడు, కడపలోనే చూసుకుంటాడు. ఇక్కడ రెండు లైన్లూ ఒకేలా పనిచేస్తాయి. అందరూ బాగుందంటారు.

అందరూ ఒకసారి ఫోన్లు తీయండి. తీయండక్కా, మీరు కూడా. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఉన్న చోటికి పోయి, టైమ్ జోన్ దానంతట అదే మారేది ఆపేసి, కువైట్ ఎంచుకోండి. ఇప్పుడు మీ అమ్మకం పేజీ మళ్లీ తెరవండి. ‘ఇంకా ఇంత సమయం ఉంది’ అనే లెక్క ఇందాకటిలాగే ఉంటే మీ పేజీ మంచిదే. ఆ లెక్క ఉన్నట్టుండి రెండున్నర గంటలు పెరిగితే తమ్ముడికి జరిగిందే మీ దగ్గరా జరుగుతుంది. దేశం మారితే ముగింపు గంట మారి కనబడాలి, మిగిలిన సమయం మాత్రం మారకూడదు. చూసుకున్నాక టైమ్ జోన్ మళ్లీ మామూలుగా పెట్టుకోండి, లేకుంటే రేపు పొద్దున అలారం వేళకు మోగదు.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, మాకు పేజీలు లేవు, వాట్సాప్ గ్రూపులోనే అమ్ముతామని. మీకైతే ఇంకా జాగ్రత్త కావాలి. ‘ఇంకో మూడు గంటలే!’ అని పెడతారు. అది పదిమందికి ఫార్వర్డ్ అవుతుంది. ఐదు గంటల తర్వాత చదివినవాడికి కూడా ఇంకో మూడు గంటలే! గ్రూపులో ఎప్పుడూ తేదీ, వారం, గంట, ఊరు రాయండి. మిగిలిన గంటలు లెక్కగట్టి రాయొద్దు.

‘శనివారం రాత్రి 12 గంటల వరకు’ అని కూడా అసలు రాయొద్దు. మనకు తెల్లారేదాకా శనివారమే. కానీ ఫోన్‌లో శనివారం 12:00 AM అంటే శుక్రవారం రాత్రి నిద్రపోయిన కాసేపటికే వచ్చేది. ఒకే మాటకు ఇద్దరు మనుషులు ఇరవై నాలుగు గంటల తేడాతో వస్తారు. రాత్రి 12 అవసరం మనకేముంది? మన ఊళ్లోవాళ్లు కూడా ఆ వేళకు పడుకుని ఉంటారు. ఎనిమిదిన్నర పెట్టుకోండి.

గంటల గురించి మాట్లాడుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మనం కడప టైమ్ అనుకునేది నిజానికి కడపది కాదు. దేశమంతటికీ 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క. ఆ గీత మన కాకినాడ దగ్గర నుంచి పోతుంది. కడప దానికి పడమర ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడి లెక్క గడియారం కంటే దాదాపు పావుగంట వెనక ఉంటుంది. 1906లో ఈ టైమ్ వచ్చాక కూడా బొంబాయి చాలా ఏళ్లు తన సొంత టైమ్ వదల్లేదు. ఒకే దేశంలో ఉన్నవాళ్లకే అప్పట్లో అంత తికమక ఉండేది. సరే, విషయానికొస్తా.

కువైట్, దుబాయ్‌లతో ఒక సుఖం ఉంది. వాళ్లకూ మనకూ తేడా ఏడాదంతా ఒకటే. కువైట్ రెండున్నర, దుబాయ్ గంటన్నర. అమెరికాతో అట్లా కాదు. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. డాలస్‌తో మనకు ఎండాకాలం తేడా పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర.

ఈ ఏడాది దీపావళి నవంబర్ 8. అంతకు ముందు ఆదివారం, అంటే నవంబర్ 1న, మీలో చాలామంది అమ్మకం పెట్టాలనుకుంటున్నారని విన్నాను. సరిగ్గా ఆ తెల్లవారుజామునే అమెరికా గడియారం మారుతుంది. శనివారం రాత్రి డాలస్‌లో మన అమ్మాయి లెక్క వేసుకుని పడుకుంటుంది: ఇండియా రాత్రి తొమ్మిదంటే డాలస్‌లో పొద్దున పదిన్నర. తెల్లారేసరికి అది తొమ్మిదిన్నర అయిపోయి ఉంటుంది. పది గంటలకు కాఫీ తాగుతూ, ఇంకా అరగంట ఉందిలే అనుకుంటుంది. అప్పటికే పాట ముగిసి అరగంట.

మార్చిలో అయితే ఇంత నష్టం లేదు. అప్పుడు పాత లెక్కతో వచ్చినవాళ్లు గంట ముందే వస్తారు, కూర్చుని ఎదురుచూస్తారు, అంతే. మన టైమ్‌కు ముగిసే పాటలో నవంబర్ మార్పే ముంచుతుంది. మన పండగ అమ్మకాలన్నీ ఆ చుట్టుపక్కలే పడతాయి. ఇది రాసిపెట్టుకోండి.

అందుకని నా సలహా, అమ్మకం నవంబర్ 7 శనివారానికి పెట్టండి. అప్పటికి అమెరికా మార్పు అయిపోయి దాదాపు వారం అవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కువైట్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం వాళ్లకు పనిదినం. మనం ఆదివారం సెలవు కదా అని పాట పెడతాం, మనవాళ్లేమో అక్కడ డ్యూటీలో ఉంటారు.

రాసే పద్ధతి ఇదిగో, ఇట్లా ఉండాలి: ‘పాట ముగింపు: 2026 నవంబర్ 7, శనివారం, రాత్రి 8:30, భారత సమయం, UTC+5:30. కువైట్ సాయంత్రం 6:00, దుబాయ్ రాత్రి 7:00, డాలస్ శనివారం ఉదయం 9:00.’ నెల పేరు అక్షరాల్లో రాయండి. 7/11 అని రాస్తే అమెరికాలో జులై 11 అనుకుంటారు. భారత సమయానికి IST అని మూడు అక్షరాలు పెట్టి ఊరుకోవద్దు, ఐర్లండ్‌వాళ్లూ ఇజ్రాయెల్‌వాళ్లూ తమ టైమ్‌కు అవే అక్షరాలు వాడతారు. ఊరి పేరు రాస్తే ఎవరికీ అనుమానం రాదు. కొనేవాళ్లు ఏయే ఊళ్లలో ఉన్నారో పాత పార్సిళ్ల అడ్రసులు చూస్తే మీకే తెలుస్తుంది. ఆ మూడు నాలుగు ఊళ్లు చాలు, ప్రపంచమంతా రాయనక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఆఖరి నిమిషంలో పాట పడితే కొందరు ఐదు నిమిషాలు పొడిగిస్తారు. గుడి దగ్గర వేలంలో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఆగి అడిగినట్టే, అది మంచి పద్ధతి. దూరంగా ఉన్నవాడికి నెట్ ఆగి వచ్చినా ఒక అవకాశం ఉంటుంది. కానీ పొడిగిస్తామనేది ముందే, ముగింపు టైమ్ పక్కనే రాయాలి. ‘చివరి 5 నిమిషాల్లో పాట వస్తే ఇంకో 5 నిమిషాలు పెరుగుతుంది’ అని. రాయకుండా పొడిగిస్తే 8:30కి గెలిచానని ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు, ముగిస్తాను. భోజనాల వేళ నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటా. దీపావళి అమ్మకానికి మీరు రాసిపెట్టుకున్న ప్రకటన ఫోన్‌లో ఉంటే తీసుకురండి. ముగింపు లైను ఇద్దరం కలిసి సరిచేద్దాం, పేజీ ఉన్నవాళ్లవి కువైట్ టైమ్ పెట్టి ఒకసారి తెరిచి చూద్దాం.