పండుగ సెలవుల విధానం రాసేటప్పుడు మతం కాదు, తేదీ అడగండి

(హనుమకొండలో చిన్న సంస్థల యజమానులు, హెచ్ఆర్ ఉద్యోగులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే. నేను మొదటిసారి పండుగ సెలవుల విధానం రాసినప్పుడు చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. అప్పుడు నేను పనిచేసే సంస్థ కోసం "హిందూ, ముస్లిం, క్రైస్తవ ఉద్యోగులకు వారి వారి పండుగలకు అదనంగా రెండేసి రోజులు" అని రాశాను. ఎవరికీ అన్యాయం జరగదనే అనుకున్నాను. నెల తిరగకముందే ఒక అమ్మాయి దరఖాస్తు పట్టుకొని వచ్చింది. "మేడం, ఇక్కడ మతం గడిలో ఏం రాయాలె? మా ఇంట్ల బతుకమ్మ ఆడుతం, క్రిస్మస్ కూడా చేస్తం" అన్నది. నా దగ్గర జవాబు లేదు. సెలవు కావాలంటే ముందు తన మతమేదో ఆఫీసుకు చెప్పుకోవాలన్న షరతు నేనే పెట్టాను. ఆ గడి వల్ల ఎంతమంది అడగకుండానే ఊరుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. మీ సంస్థ సెలవుల జాబితా ముందు పెట్టుకోండి. ఉదాహరణకు పది సెలవులు ఉన్నాయనుకుందాం. జనవరి 26, మే 1, జూన్ 2, ఆగస్టు 15, అక్టోబర్ 2 అందరివీ. మిగతా అయిదూ సంక్రాంతి, ఉగాది, సద్దుల బతుకమ్మ, దసరా, రంజాన్. జాబితా చూస్తే బాగానే ఉంటుంది. ఇప్పుడు ఒక్కో ఉద్యోగి వైపు నుంచి లెక్కపెట్టండి. బతుకమ్మ ఆడే ఇంటి మనిషికి సొంత పండుగలు నాలుగు జాబితాలోనే దొరికాయి. ముస్లిం ఉద్యోగికి ఒక్కటే దొరికింది. బక్రీద్, మొహర్రం, మిలాద్‌కు క్యాజువల్ లీవులు ఖర్చు పెట్టుకోవాలి. గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ చేసుకునేవారికి ఒక్కటీ లేదు. అందరికీ పన్నెండు క్యాజువల్ లీవులే ఇచ్చినా, పిల్లలకు జ్వరం వచ్చిన రోజుకు మిగిలేవి అందరికీ సమానంగా ఉండవు.

దీనికి దారి ప్రభుత్వ పద్ధతిలోనే ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు సాధారణ సెలవులు కాక ఐచ్ఛిక సెలవుల జాబితా నుంచి ఏడాదికి అయిదు వరకు ఎంచుకోవచ్చు. మనం ఇంకో అడుగు వేసి ఆ జాబితాను కూడా తీసేద్దాం. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "ప్రతి ఉద్యోగికి ఏడాదికి నాలుగు ఐచ్ఛిక పండుగ సెలవులు. ఏ పండుగో, ఏ మతమో చెప్పనవసరం లేదు. వరుసగా కలిపి వాడుకోవచ్చు." ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. జాతీయ, పండుగ సెలవుల చట్టం (1974) మీ సంస్థకు వర్తిస్తే, దాని కింద ఇవ్వాల్సిన సెలవులను ఈ నాలుగింటిలో కలిపేయకూడదు. ముందు అవి పూర్తిగా ఇచ్చి, ఆపైనే ఇవి.

"కలిపి వాడుకోవచ్చు" అన్న మాట ఎందుకంటే, అన్ని ఆచారాలూ ఒక్క రోజులో ముగియవు. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్యమాస అమావాస్యకు మొదలవుతుంది. కానీ మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం అంతకు చాలా రోజుల ముందే కాలినడకన బయలుదేరుతారు. పండుగకు ఒక రోజు అని రాస్తే అలాంటి ఉద్యోగికి మీ విధానం ఎందుకూ పనికిరాదు.

ఇక అసలు చిక్కు, ఒకే రోజు అందరూ అడగడం. మన దగ్గర దానికి మేడారాన్ని మించిన పరీక్ష లేదు. 2026 జాతర జనవరి 28 బుధవారం నుంచి 31 శనివారం వరకు. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శనివారం వనప్రవేశం. పన్నెండు మంది ఉన్న సపోర్టు టీమ్‌ను ఊహించుకోండి. రోజుకు కనీసం ఏడుగురు కూర్చోవాలి, అంటే అయిదుగురికి సెలవు ఇవ్వొచ్చు. బుధవారం ముగ్గురు, గురువారం ఎనిమిది మంది, శుక్రవారం ఆరుగురు, శనివారం నలుగురు అడిగారు.

ఇక్కడ చాలామంది మేనేజర్లు "ముందు అడిగినవాళ్లకు ముందు" అంటారు. మేడారం తేదీలు నెలల ముందే తెలుస్తాయి. రంజాన్ పండుగ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. హిజ్రీ సంవత్సరం పదకొండు రోజులు తక్కువ కాబట్టి ఏటా ముందుకు జరుగుతుంది కూడా. పంచాంగం ముందే తెలిసినవాళ్లకు లాభం, నెలవంక కోసం చూసేవాళ్లకు నష్టం. అందుకే దరఖాస్తులకు ఒక గడువు పెట్టి, గడువులోపు వచ్చినవన్నీ ఒకేసారి వచ్చినట్టు చూడండి. నెలవంకను బట్టి మారే పండుగకు "ఈ తేదీ లేదా మరుసటి రోజు" అని అడిగే వీలు రాసిపెట్టండి.

తర్వాత ఒకే ప్రశ్న అడగండి: "ఏ రోజు తప్పనిసరి, ఏ రోజు మారినా పర్వాలేదు?" మొక్కు ఏమిటి, ఇంట్లో ఎవరు వెళ్తున్నారు అని అడగకండి. మన ఉదాహరణలో గురువారం అడిగిన ఇద్దరు బుధవారానికి ఒప్పుకున్నారు. బుధవారం అయిదుగురయ్యారు, గురువారం ఆరుగురు మిగిలారు, శుక్రవారం ఆరుగురే. రెండు రోజులూ ఒక్కొక్కరు ఎక్కువ. ఆ రెండు రోజులు టీమ్ లీడ్ స్వయంగా ఏడో కుర్చీలో కూర్చుంటే లెక్క సరిపోతుంది. సగం పూట సెలవు ఇచ్చి సరిపెట్టొద్దు. మధ్యాహ్నం హనుమకొండలో బయలుదేరితే జాతర ట్రాఫిక్‌లో రాత్రికైనా గద్దెల దగ్గరికి చేరతారన్న నమ్మకం లేదు.

ఉన్నవాళ్లతో పని చేయించుకునేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండండి. "మీకు మేడారం లేదు కదా" అంటూ ముస్లిం, క్రైస్తవ ఉద్యోగులను కూర్చోబెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. అది వాళ్ల పండుగ కాకపోవచ్చు, కానీ ఆ నాలుగు రోజులు వాళ్లకూ సొంత జీవితం ఉంటుంది. షిఫ్టు మార్పిడి ఇష్టపడినవాళ్లే చేయాలి, దానికి బదులుగా కాంప్ ఆఫ్ ఇవ్వాలి. ఆరు నెలలకొకసారి రిజిస్టర్ తీసి, ఇతరుల పండుగకు కూర్చున్నవాళ్ల పేర్లు రాసి చూడండి. అవే నాలుగు పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటే కాగితం మీద విధానం ఎలా ఉన్నా ఆఫీసులో నడుస్తున్నది వేరేది.

పూర్తి సెలవు కాదు, కొంచెం సమయం చాలు అనేవాళ్లూ ఉంటారు. రంజాన్ మాసంలో మన ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులను సాయంత్రం 4 గంటలకు వెళ్లనిస్తోంది. మీరు రాసేటప్పుడు "మతాచారం కోసం పని వేళ మార్పు, నెలకు ఇన్ని రోజులు" అని అందరికీ వర్తించేలా రాయండి. అదే వాక్యం పెత్రమాస నుంచి తొమ్మిది సాయంత్రాలు బతుకమ్మ ఆడుకునేవాళ్లకూ, ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవాళ్లకూ పనికొస్తుంది.

చివరగా, కాదనడం. సంస్థకు మోయలేని భారం కానంతవరకు మనిషి అవసరాన్ని బట్టి మార్పులు చేయడాన్ని 'సహేతుక సర్దుబాటు' అంటారు. మన దేశంలో ఆ మాటకు వికలాంగుల హక్కుల చట్టం (2016)లో నిర్వచనం ఉంది. మతాచారాల కోసం ప్రైవేటు యజమానులకు అలాంటి సాధారణ చట్టం లేదు. కాబట్టి ఎక్కడ కాదనవచ్చో గీత మనమే గీసుకోవాలి. అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ఆదివారం పని చేయలేనన్న ఒక పోస్టల్ ఉద్యోగి కేసులో చెప్పిన కొలమానం నాకు నచ్చింది. ఆ సంస్థ పనిని బట్టి చూస్తే చెప్పుకోదగ్గ అదనపు భారం పడాలి, ఏదో కొంచెం ఇబ్బంది అంటే సరిపోదు. ఒక మతాచారం అంటే తోటివాళ్లకు గిట్టకపోవడాన్ని భారంగా లెక్కించకూడదని కూడా ఆ తీర్పు చెప్పింది.

దాన్ని మీ విధానంలోకి ఇలా తెచ్చుకోండి: "కాదన్నప్పుడు మూడు పనిదినాల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రోజు ఎంతమంది అవసరం, ఎంతమంది ఉన్నారు, ఏయే ప్రత్యామ్నాయాలు చూశాం అన్నది అందులో ఉండాలి. ఉద్యోగి కోరితే ఆ మేనేజర్ కాని మరొకరు రెండు రోజుల్లో మళ్లీ పరిశీలించాలి." మేనేజర్ ఆ కాగితం మీద అంకెలు వేయలేకపోతే సెలవు మంజూరైనట్టే అని కింద ఇంకో వాక్యం చేర్చండి.