ఒకే తీగ, మూడు పొరలు: బంగారు పూత మందం, మన్నిక

సభకు నమస్కారం.

బంగారు రంగు నగ కొనేవారు సాధారణంగా అడిగే ప్రశ్న ఇది ఎన్నాళ్లు మన్నుతుందని. దానికి జవాబు దొరకాలంటే ముందు మరో ప్రశ్న అడగాలి: ఈ నగ మీద బంగారం ఎంత మందాన ఉంది, అది లోపలి లోహానికి ఎలా అంటుకుని ఉంది? గోల్డ్ ప్లేటెడ్, వెర్మెయ్, గోల్డ్ ఫిల్డ్ అనే మూడు మాటలనూ ఈ ప్రశ్న దగ్గర నిలబెట్టి చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం. పోలిక తేలికగా ఉండటానికి ఒక్క వస్తువునే తీసుకుంటాను. ఒక మిల్లీమీటరు మందం ఉన్న గుండ్రటి తీగను వంచి చేసిన చెవి రింగు అది.

ఈ పొరలను మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారుగా డెబ్బై మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, ఇప్పుడు చెప్పబోయే అంకెలన్నీ వెంట్రుకలో చిన్న భాగాలేనని గుర్తుంచుకుంటే చాలు.

మొదటి రింగు ఇత్తడిది. దాన్ని శుభ్రం చేసి, బంగారు లవణం కలిపిన ద్రావణంలో ముంచి, విద్యుత్తు పంపితే బంగారం వచ్చి దాని మీద పేరుకుంటుంది. కొన్ని సెకన్లు ఉంచి తీస్తే రంగు మాత్రమే వస్తుంది. పొర మైక్రాన్‌లో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మరికొంతసేపు ఉంచితే అర మైక్రానో, ఒక మైక్రానో పడుతుంది. చూపుకు ఇవన్నీ ఒకలాగే మెరుస్తాయి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ‘గోల్డ్ ప్లేటెడ్’ అన్న మాట ఒక్కటే విని అందులో ఏది మన చేతికి వచ్చిందో చెప్పలేం.

రెండవ రింగు 925 వెండిది, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్నది. పూత వేసే పద్ధతి సాధారణంగా మొదటిదే. అయితే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం, పూత 10 క్యారెట్లకు తగ్గని బంగారంతో ఉండి, కనీసం 2.5 మైక్రాన్ల మేలిమి బంగారానికి సమానమైన మందం అంతటా ఉంటేనే దాన్ని వెర్మెయ్ అనాలి. అర మైక్రాన్ పూతతో పోలిస్తే ఇది ఐదు రెట్లు.

మూడవ రింగు పుట్టుకే వేరు. ఇక్కడ ద్రావణం లేదు, విద్యుత్తు లేదు. ఇత్తడి దిమ్మకు బంగారు మిశ్రమం పొరను తొడిగి, వేడితోనూ ఒత్తిడితోనూ రెండింటినీ ఏకం చేసి, ఆ తర్వాత సాగదీసి తీగగానో రేకుగానో మారుస్తారు. రోల్డుగోల్డు అన్న మాట పుట్టింది ఇలాంటి పని నుంచే. మనం దాన్ని బంగారు రంగున్న ప్రతి గిల్టు నగకూ వాడేస్తూ అసలు అర్థాన్ని పోగొట్టుకున్నాం. గోల్డ్ ఫిల్డ్ అనాలంటే మొత్తం బరువులో కనీసం ఇరవయ్యో వంతు బంగారు మిశ్రమం ఉండాలని అవే మార్గదర్శకాలు చెబుతాయి. నగ మీద ‘1/20 14కె జీఎఫ్’ అనే ముద్రకు అర్థం ఇదే.

గమనించండి, ఈ నిబంధనలో మందం ప్రస్తావన లేదు, ఉన్నది బరువు నిష్పత్తి. దాన్ని మందంగా మార్చి చూద్దాం. పద్నాలుగు క్యారెట్ల బంగారం ఇత్తడి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి, బరువులో ఐదు శాతం ఉన్నది పరిమాణంలో సుమారు 3.3 శాతమే అవుతుంది. ఒక మిల్లీమీటరు తీగ చుట్టూ అంత బంగారాన్ని పరిస్తే పొర మందం ఎనిమిది మైక్రాన్లకు కాస్త పైన తేలుతుంది. అంటే మొదటి రింగుకు అర మైక్రాన్ పూత వేశారనుకుంటే, మన మూడు రింగుల మీద వరుసగా అర, రెండున్నర, ఎనిమిది మైక్రాన్లు ఉన్నాయన్నమాట.

ఇక్కడితో ఆగితే గోల్డ్ ఫిల్డ్ ఎప్పుడూ వెర్మెయ్ కంటే మందమేనన్న తీర్మానానికి వచ్చేస్తాం. చాలామంది అమ్మకందార్లు అలాగే చెబుతారు కూడా. కానీ నిష్పత్తి స్థిరంగా ఉన్నప్పుడు తీగ సన్నబడితే పొర కూడా సన్నబడుతుంది. అదే ముద్ర ఉన్న 0.3 మిల్లీమీటర్ల తీగతో అల్లిన సన్నని గొలుసు మీద పొర రెండున్నర మైక్రాన్లే ఉంటుంది, వెర్మెయ్ పూత కనీస మందం ఎంతో ఇదీ దాదాపు అంతే. అందువల్ల గోల్డ్ ఫిల్డ్ నగ కొనేటప్పుడు ముద్రతోపాటు తీగ మందం కూడా అడగడం అవసరమని నా అభిప్రాయం.

మందం సమానమైనా మన్నిక సమానం కాకపోవడానికి కారణం పొర స్వభావం. ద్రావణం నుంచి పేరుకున్న పలుచని పూతలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. చెమట వాటిలోంచి లోపలికి దిగి, బంగారం ఇంకా అరగకముందే ఇత్తడిని చిలుము పట్టిస్తుంది, వెండినైతే నల్లబరుస్తుంది. పైగా రాగి అణువులు కాలక్రమంలో బంగారంలోకి చొరబడి పైకి వస్తాయి. దీన్ని ఆపడానికి మధ్యలో నికెల్ పొర వేస్తారు, కానీ నికెల్ కొందరి చర్మానికి పడదు. సాగదీసిన మిశ్రమ లోహంలో అలాంటి రంధ్రాలు ఉండవు, పద్నాలుగు క్యారెట్ల బంగారం మేలిమి కంటే గట్టిది కూడా. అందుకే అది అరిగే వరకూ దాదాపు చెక్కుచెదరదు.

ఇక కాలం లెక్క. ఎక్కడ, ఎలా ధరిస్తామో చెప్పకుండా సంవత్సరాలు చెప్పడం సరికాదు. రోజూ పెట్టుకునే ఉంగరం ఏడాదికి అర మైక్రాన్ అరుగుతుందని ఊహిద్దాం. అర మైక్రాన్ పూత ఏడాదికి పోతుంది, వెర్మెయ్ ఐదేళ్లు వస్తుంది, ఎనిమిది మైక్రాన్ల పొర పదహారేళ్లు నిలుస్తుంది. ఇది ఊహించిన అరుగుదల మీద వేసిన లెక్క మాత్రమే. చెవి రింగుకు రాపిడి దాదాపు ఉండదు కాబట్టి దాని మీద అవే పొరలు ఇంకా ఎన్నో ఏళ్లు నిలవవచ్చు. గొలుసులో మాత్రం లింకుకూ లింకుకూ మధ్య తగిలే చోట, కొక్కెం దగ్గర ముందుగా అరుగుతుంది. మిగతా గొలుసంతా కొత్తదానిలా ఉన్నా అక్కడ రంగు మారి ఉంటుంది.

ఆ అరిగిన చోటును భూతద్దంతో చూస్తే నగ ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది. తెల్లని వెండి కనిపిస్తే వెర్మెయ్ కావచ్చు. 925 ముద్ర కూడా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది, కానీ వెండి మీద పలుచని పూత ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. ఎర్రని రాగి గానీ బూడిద రంగు నికెల్ గానీ బయటపడితే అది మామూలు పూత అయ్యే అవకాశమే ఎక్కువ. గోల్డ్ ఫిల్డ్ తీగలో అయితే ముందుగా చూడవలసింది కత్తిరించిన కొస. చెవిలో దూర్చే ఆ కొసన చుట్టూ బంగారపు సన్నని వలయం, నడుమ ఇత్తడి చుక్క కనిపిస్తాయి. చిలుము ముందు పుట్టేది కూడా ఆ చుక్క మీదనే.

మరమ్మతులో మూడింటి దారులు వేరు. వెర్మెయ్ అరిగితే నల్లదనం తీసి, శుభ్రంగా కడిగి, మళ్లీ ద్రావణంలో ముంచి పూత వేయించవచ్చు. లోపల వెండి ఉన్నందున ఆ ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. మామూలు పూతకూ అదే పద్ధతి పనికొస్తుంది గానీ, పని కూలీ తరచు నగ వెలను మించుతుంది. గోల్డ్ ఫిల్డ్ పొర అరిగిపోతే దాన్ని మళ్లీ అలాగే తొడగడం వీలుకాదు, పైన పూత వేయించుకోవడమే మిగులుతుంది. తెగిన గోల్డ్ ఫిల్డ్ గొలుసుకు మాటు వేయించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. నిప్పు ఎక్కువైతే బంగారం ఇత్తడిలోకి ఇంకి ఆ చోట రంగు వెలిసిపోతుంది, మాటు నునుపు చేయడానికి ఆకురాయి రెండుసార్లు గట్టిగా ఆడిస్తే ఆ ఎనిమిది మైక్రాన్లూ పొడిగా రాలిపోతాయి.