సిరప్ ఆపగానే మళ్లీ జలుబు! అది జలుబేనా?

వ్యాఖ్యాత: నమస్కారం. జలుబు తగ్గినా దగ్గు వదలదు, రాత్రి నిద్ర ఉండదు. అప్పుడు చాలామంది కోడీన్ అనే, నల్లమందు జాతికి చెందిన మందు ఉన్న సిరప్ అడుగుతారు. దీనిపై మాట్లాడటానికి ఊపిరితిత్తుల వైద్యురాలు, ఫార్మసిస్ట్, మానసిక వైద్యుడు మనతో ఉన్నారు. మేడమ్, అసలు అది జలుబు దగ్గుకి పనిచేస్తుందా?

ఊపిరితిత్తుల వైద్యురాలు: జలుబు దగ్గుకి పనిచేస్తుందని పరీక్షల్లో తేలలేదండీ. జలుబుతో దగ్గుతున్నవాళ్లలో కొందరికి కోడీన్, కొందరికి మందే లేని ఉత్తుత్తి సిరప్ ఇచ్చి చూశారు. రెండు గుంపుల్లోనూ దగ్గు దాదాపు ఒకేలా తగ్గింది. కోడీన్ పనిచేసేది మెదడులోని దగ్గు కేంద్రం మీద. జలుబు దగ్గుకి కారణం గొంతులో, శ్వాసనాళాల్లో వాచి, చిన్నదానికే ఉలిక్కిపడుతున్న నరాలు. ఆ వాపుని ఇది ముట్టుకోదు.

వ్యాఖ్యాత: కానీ తాగితే తగ్గిందనే చెప్తారు కదా!

ఊపిరితిత్తుల వైద్యురాలు: దగ్గు దానంతట అదే తగ్గే రోజుల్లో తాగుతారు కాబట్టి. వారంలో పోవాలని మనం అనుకుంటాం. నిజానికి జలుబు దగ్గు సగటున 18 రోజుల దాకా ఉంటుంది. పదో రోజున విసిగిపోయి సిరప్ మొదలుపెడితే పేరు సిరప్‌కి వస్తుంది. కొన్ని సిరప్‌లలో క్లోర్‌ఫెనిరమైన్ అనే అలర్జీ మందు కూడా కలుపుతారు. దానివల్ల మగత వస్తుంది. నిద్ర పట్టిందంటే దగ్గు తగ్గిందనే అనుకుంటాం.

వ్యాఖ్యాత: అలవాటు సంగతి చెప్పండి డాక్టర్ గారూ. నాలుగు రోజులు తాగితే బానిసైపోతారా?

మానసిక వైద్యుడు: చెప్పిన మోతాదులో నాలుగు రోజులు తాగితే చాలామందికి ఏమీ కాదు, అనవసరంగా టెన్షన్ పెట్టను. మా దగ్గరికి వచ్చేవాళ్ల కథ దాదాపు ఇలా ఉంటుంది. 5 మిల్లీలీటర్లలో 10 మిల్లీగ్రాముల కోడీన్ ఉన్న సిరప్ అనుకోండి. మొదట రాత్రిపూట 10 మిల్లీలీటర్లు, అంటే 20 మిల్లీగ్రాములు. హాయిగా నిద్రపడుతుంది, మనసు కూడా తేలికవుతుంది. దగ్గు పోయాక కూడా ఆ నిద్ర కోసం తాగుతారు. కొన్ని వారాలకి అదే మోతాదు చాలదు. పగలు కూడా మొదలవుతుంది. చివరికి 100 మిల్లీలీటర్ల సీసా ఒక్కరోజులో ఖాళీ. అంటే 200 మిల్లీగ్రాములు.

అసలు చిక్కు ఆపినప్పుడు వస్తుంది. ఒక రోజు తిరక్కముందే ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు, ఆవులింతలు, ఒళ్లునొప్పులు, చెమటలు. చూడటానికి అచ్చం జలుబే, కానీ అది అలవాటైన మందు అందక శరీరం పడే బాధ. ‘మళ్లీ పట్టుకుంది’ అనుకుని సిరప్ తాగుతారు, గంటలో సర్దుకుంటుంది. తాగగానే పోయింది కాబట్టి అది జలుబే, ఇది దాని మందే అని నమ్మకం కుదురుతుంది. అలా నెలలు గడుస్తాయి.

వ్యాఖ్యాత: మరి జలుబో కాదో తెలిసేదెలా?

మానసిక వైద్యుడు: జలుబైతే గొంతునొప్పి, దగ్గు ఉంటాయి. ఇక్కడ అవి పెద్దగా ఉండవు. బదులుగా కడుపులో మెలికలు, విరేచనాలు, ఒళ్లు గగుర్పాటు, కాలు ఒకచోట నిలవనివ్వని చిరాకు. అన్నిటికన్నా పెద్ద గుర్తు సమయం. సిరప్ మానిన మర్నాడే వచ్చి, తాగగానే పోతే అనుమానించాలి.

ఫార్మసిస్ట్: కౌంటర్ దగ్గర మాకు తెలిసే గుర్తు ఇంకోటుంది సార్. ‘దగ్గుకి ఏదైనా ఇవ్వండి’ అనరు, ఖాళీ సీసా చూపించి అదే కావాలంటారు. వేరేది ఇస్తామంటే కోపం వస్తుంది. ఇంగ్లండ్‌తో సహా బ్రిటన్‌లో ఒకప్పుడు ఫార్మసిస్టే ఇవ్వగలిగిన కోడీన్ లింక్టస్ అనే దగ్గు సిరప్‌ని, దుర్వినియోగం ఎక్కువై, 2024లో డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందుగా మార్చారు.

వ్యాఖ్యాత: పిల్లలకి?

ఊపిరితిత్తుల వైద్యురాలు: వద్దే వద్దు. కోడీన్‌లో కొంత భాగం కాలేయంలో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరి శరీరంలో పుట్టుకతోనే ఈ మార్పు చాలా వేగంగా జరుగుతుంది, మామూలు మోతాదుకే శ్వాస మందగిస్తుంది. ఎవరిది అలాంటి శరీరమో చూసి చెప్పలేం. అందుకే 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కోడీన్ దగ్గు మందుల్ని 18 ఏళ్లు నిండినవాళ్లకే పరిమితం చేసింది. పాలిచ్చే తల్లులూ తాగకూడదు. పెద్దవాళ్లు మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపితే అదే ప్రమాదం. లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నా వెంటనే అంబులెన్స్ పిలవాలి.

వ్యాఖ్యాత: ఇప్పటికే నెలల తరబడి తాగుతున్నవాళ్లు ఈరోజే ఆపేయాలా?

మానసిక వైద్యుడు: ఒక్కసారిగా వద్దు. రెండో మూడో రోజుకి బాధ తారస్థాయికి చేరుతుంది, చాలామంది అక్కడే ఓడిపోతారు. రోజుకి ఎంత తాగుతున్నారో దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఆ లెక్కని బట్టి మోతాదు మెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే వేరే మందు మీదకి మారుస్తారు. ఒక మాట, కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదే తాగితే చాలా ప్రమాదం. అప్పటికి శరీరం దాన్ని తట్టుకునే శక్తి కోల్పోయి ఉంటుంది.