క్లయింట్ మెయిల్స్ మిస్ అయ్యాయా? ఐటీ వాళ్లకు లెటర్ ఇలా రాయండి

నమస్తే అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా? సరే.

మా ఆఫీసు బేగంపేటలో, లిఫ్టుల మెయింటెనెన్స్ పని. పోయిన నెల మూడు క్లయింట్ మెయిల్స్ చూడలేదు. రెండు ఏఎంసీ రెన్యువల్స్, ఒకటి మియాపూర్ అపార్ట్‌మెంట్ వాళ్లది, లిఫ్ట్ ఆగిపోయిందని. వాళ్లు ఫోన్ చేసి అరిచేదాకా మాకు తెలియనే తెలియదు. మా సార్ అయితే, "స్పామ్ ఫిల్టర్ టైట్ చేయమని ఐటీకి ఒక లెటర్ పడేయమ్మా" అన్నారు.

ఆగండి, అప్పుడే లెటర్ రాయొద్దు. ముందు ఆ మూడు మెయిల్స్ ఎక్కడ దొరికాయో చూడాలి. ఇదిగో, రెన్యువల్స్ రెండూ ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి, ఆఫర్ల మెయిల్స్ కింద పడిపోయాయి. మియాపూర్ వాళ్లది మాత్రం జంక్‌లో ఉంది. అర్థమైందా? మొదటి రెండింటికి ఫిల్టర్ టైట్ చేయాలి. మూడోదాన్ని ఫిల్టరే మింగేసింది, ఇంకా టైట్ చేస్తే అలాంటివి ఇంకొన్ని పోతాయి. "టైట్ చేయండి" అని ఒక్క ముక్క రాస్తే ఐటీ వాళ్లు అదే చేస్తారు, తిట్లు మనకు.

మీకు జంక్‌లో కూడా లేకపోతే, ఫిల్టర్ ఆపేసిన మెయిల్స్ ఉంచే క్వారంటైన్ పేజీ చూడండి. అక్కడ గరిష్ఠంగా 30 రోజులే ఉంచుతారు, కొన్ని ఆఫీసుల్లో 15 రోజులే. ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు హెడర్, అంటే మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఫిల్టర్ దాన్ని ఏమనుకుందో రాసి ఉండే వివరాలు. పాత అవుట్‌లుక్‌లో మెయిల్ మీద డబుల్ క్లిక్, ఫైల్, ప్రాపర్టీస్, కింద చిన్న డబ్బాలో ఉంటుంది. అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, ఆ డబ్బాలో చదవడం నా వల్ల కాదు. మన ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ 365 కాబట్టి ఈ ముక్కలు వెతకండి. పైది ఒక ఆఫర్ మెయిల్‌లోది, కింద రెండూ మియాపూర్ వాళ్ల మెయిల్‌లోవి.

```
BCL:6

SCL:5; SFV:SPM
spf=fail
```

బీసీఎల్ అంటే ఇలా గుంపుగా బల్క్ మెయిల్స్ పంపేవాళ్ల మీద ఫిర్యాదులు ఏ స్థాయిలో ఉన్నాయో చెప్పే అంకె. మామూలుగా బల్క్ మెయిల్ పరిమితి 7 దగ్గర ఉంటుంది, 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తేనే ఆపుతుంది. మన ఆఫర్ మెయిల్ 6, అందుకే ఇన్‌బాక్స్‌లోకి వచ్చేసింది. ఇక్కడ తికమక ఏంటంటే, అంకె తగ్గిస్తేనే టైట్ అవుతుంది.

ఎస్‌సీఎల్ 5 అంటే స్పామ్ అని ముద్ర వేసినట్టు. ఎస్‌పీఎఫ్ ఫెయిల్ అంటే, ఆ మియాపూర్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఆ సర్వర్‌కు అనుమతి నమోదు కాలేదు. అది మన ఐటీ బాగుచేసేది కాదు, వాళ్ల వెబ్‌సైట్ చూసే అబ్బాయి చేయాలి.

ఇప్పుడు నేను బోల్తా పడ్డ చోటు. మొదటిసారి నేను మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేసేశాను. "మేడమ్, ఇందులో మీ హెడరే ఉంది, క్లయింట్‌ది లేదు" అని తిప్పి పంపారు. రెండు రోజులు పోయాయి! ఫార్వర్డ్ చేస్తే అది మనం పంపిన కొత్త మెయిల్ అయిపోతుంది, పాత హెడర్ రాదు. అటాచ్‌మెంట్‌గా పంపాలి. మెయిల్ సెలెక్ట్ చేసి, పాత అవుట్‌లుక్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్. మళ్లీ చూడండి... కంట్రోల్, ఆల్ట్, ఎఫ్. చూశారా, మెయిల్ అటాచ్‌మెంట్‌గా వచ్చింది. స్క్రీన్‌షాట్ కూడా పెట్టొచ్చు గానీ అది హెడర్‌కు బదులు కాదు.

ఇక లెటర్. మా ఆఫీసులో ఇంగ్లీషులోనే పంపుతాం, మీకు తెలుగులో చదువుతా.

"ఐటీ టీమ్‌కు నమస్కారం. పోయిన నెల మూడు క్లయింట్ మెయిల్స్ చూడలేకపోయాం. వాటితో పాటు రెండు ఆఫర్ మెయిల్స్ కూడా జత చేశాను. ఒకటి, బల్క్ మెయిల్ పరిమితిని 7 నుంచి 6కు తగ్గించండి. రెండు, జంక్‌లోకి వెళ్లిన మెయిల్ స్పామ్ కాదని మైక్రోసాఫ్ట్‌కు రిపోర్ట్ చేయండి. ఎస్‌పీఎఫ్ సంగతి క్లయింట్‌కు మేమే చెబుతాం. మార్పు ఏ రోజు చేశారో తెలియజేస్తే, ఆ తర్వాత రెండు వారాలు రోజూ జంక్ చూసి, పొరపాటున వెళ్లినవి మీకు పంపుతాం."

క్లయింట్ డొమైన్ మొత్తాన్ని అలౌ లిస్ట్‌లో పెట్టమని నేను అడగలేదు, గమనించారా? అలా పెడితే, ఎవడో ఆ పేరు పెట్టుకుని "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని మెయిల్ కొట్టినా నేరుగా లోపలికి వచ్చేస్తుంది.

6 కాకుండా 5 అడగొచ్చా? అడగొచ్చు. కానీ టెండర్ అలర్ట్స్ కూడా జంక్‌లో పడొచ్చు. మాకు అవి కావాలి, అందుకే 6 దగ్గర ఆగాను.

సెండ్. మియాపూర్ సెక్రటరీ గారికి ఎస్‌పీఎఫ్ సంగతి చెప్పాలి. మెయిల్ చేస్తే వెళ్తుందో లేదో అని కాదు గానీ, ఫోనే చేస్తా.